పొంగని పిండి కూడా సాక్ష్యమే
విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే వ్యాసంలో వంట, ఆట, మిద్దె తోట నైపుణ్యానికి రుజువుగా నిలవాలంటే ఏం రాయాలి?

బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాలు దాదాపు అన్నీ యూకాస్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా జరుగుతాయి. దరఖాస్తుతోపాటు విద్యార్థి తన గురించి తాను రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్ పంపాలి. 2007లో ఆ సంస్థ సుమారు 50,000 స్టేట్‌మెంట్లను కంప్యూటర్‌తో పోల్చి చూసింది. ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్‌తో ఆడుకుంటూ పైజమాకు చిల్లు పడేలా కాల్చుకున్నామనీ, సైన్సు మీద ఇష్టం అలా పుట్టిందనీ వాటిలో 234 మంది రాశారు. అందరికీ ఆ పైజమా ఇంటర్నెట్‌లోని ఒకే నమూనా వ్యాసం నుంచి వచ్చింది.

మన దగ్గర పైజమాకు బదులు వేరేవి ఉన్నాయి. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లల స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఎస్ఓపీ, తరచూ చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన కంప్యూటర్‌తోనో, ఒక మహానుభావుడి సూక్తితోనో మొదలవుతుంది. తర్వాత మార్కులు, ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్. ఆఖర్లో హాబీల గురించి ఒక వాక్యం: వంట ఓపిక నేర్పింది, గేమింగ్ వ్యూహరచన నేర్పింది, తోటపని బాధ్యత నేర్పింది. రాసింది అబద్ధం కాకపోవచ్చు. చదివే ప్రొఫెసర్‌కు మాత్రం అందులో నమ్మడానికి ఆధారం ఏదీ దొరకదు.

తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ వాక్యంలో వంట అన్న చోట క్రికెట్ అని పెట్టి చదవండి. వాక్యం అప్పుడూ చక్కగా నిలబడితే అందులో వంట లేనట్టే. రాసినవాళ్ల చేతికి తెలిసిన పని, వాళ్ల కంటికి మాత్రమే కనిపించిన విషయం ఉన్న వాక్యంలో ఇంకో హాబీ పేరు ఇమడదు.

అడిగేది వాళ్లే

హాబీల గురించి రాస్తే చులకనగా చూస్తారేమోనని చాలామంది తల్లిదండ్రులకు భయం. నిజానికి దరఖాస్తు ఫారాలే ఆ ప్రశ్న అడుగుతున్నాయి. 2026 ప్రవేశాల నుంచి యూకాస్ స్టేట్‌మెంట్‌ను మూడు ప్రశ్నలుగా విడగొట్టింది. ఈ కోర్సు ఎందుకన్నది మొదటిది. మీ చదువు దానికి మిమ్మల్ని ఎలా సిద్ధం చేసిందన్నది రెండోది. చదువుకు బయట ఏం చేశారు, అది ఈ కోర్సుకు ఎలా పనికొస్తుందన్నది మూడోది. మొత్తం 4,000 అక్షరాలు దాటకూడదు, ఏ జవాబూ 350కి తగ్గకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి 350 పదాల లోపు జవాబులు రాయమంటుంది. మీకున్న గొప్ప నైపుణ్యం ఏది, దాన్ని ఎలా పెంచుకున్నారు, ఎలా చూపించారు అన్నది ఆ ఎనిమిదిలో ఒకటి. కేవలం సంతోషం కోసం చేసే పని ఒకటి చెప్పమని ఎంఐటీ కూడా అడుగుతూ వచ్చింది.

అయితే అడిగేది హాబీ పేరు కాదు. ఆ పని చేస్తున్నప్పుడు మీ బుర్ర ఎలా నడిచిందన్నది. ఏదో తేడా కనిపించింది, ఇందువల్లేమో అనుకున్నారు, ఒక్కటి మార్చి చూశారు, ఫలితాన్ని ఏదో రకంగా కొలిచారు, చివరికి తెలిసింది ఇంత, తెలియనిది ఇంత. ఈ వరుస కాగితం మీద కనిపిస్తే అది నైపుణ్యానికి సాక్ష్యం. అందుకు ఇడ్లీ పిండి చాలు.

బందరు నుంచి ఆదిలాబాద్‌కు

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. బీటెక్‌లో బయోటెక్నాలజీ చదువుతోంది, ఫుడ్ సైన్స్‌లో ఎంఎస్ చేయాలనుకుంటోంది. మనిషి కల్పితమే గానీ ఆమె చేసే పని ఏ వంటింట్లోనైనా చేసి చూడదగ్గదే. నాన్నకు బందరు నుంచి ఆదిలాబాద్‌కు బదిలీ అయింది. బందరులో రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి గిన్నె అంచుదాకా పొంగేది. ఆదిలాబాద్‌లో చలికాలపు రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. అక్కడ మొదటి డిసెంబరులో పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది, ఇడ్లీలు గట్టిగా వచ్చాయి. ‘ఇక్కడి మినపపప్పే మంచిది కాదే’ అని అమ్మ తేల్చేసింది. కూతురికి చలి మీద అనుమానం. ఇద్దరి దగ్గరా రుజువు లేదు.

దీని వెనక సైన్సు కొంచెం చెప్పుకోవాలి. పిండి పొంగడానికి మనం వేరే ఈస్టు ఏదీ కలపం. పొంగించే బ్యాక్టీరియా ముఖ్యంగా మినపపప్పుతోనే వస్తుంది. వాటిలో ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడ్స్ అనేది ప్రధానమని 1965లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. అది లాక్టిక్ ఆమ్లంతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా విడుదల చేస్తుంది. ఆమ్లం వల్ల పిండి పులుస్తుంది, వాయువు వల్ల పొంగుతుంది. మినపపిండిలోని మాంసకృత్తులూ జిగురూ కలిసి ఆ వాయువును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. సుమారు 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే రాత్రికి రాత్రే ఇదంతా జరిగిపోతుంది. చల్లబడితే బ్యాక్టీరియా పని మందగిస్తుంది.

ఆమె ఒక వంతు మినపపప్పు, రెండు వంతుల ఇడ్లీ రవ్వ లెక్కన పిండి కలిపి, దాన్నే మూడు గాజు గ్లాసుల్లో సమంగా పోసింది. ఒకటి వంటింటి గట్టు మీద పెట్టింది. రెండోదాన్ని వేడినీళ్ల సీసాతో కలిపి థర్మోకోల్ డబ్బాలో పెట్టి మూసింది. మూడోదానిలో ఒక చెంచా పాత పిండి కలిపి గట్టు మీదే ఉంచింది. పిండి ఎంతవరకు ఉందో గుర్తుగా ప్రతి గ్లాసుకూ ఒక టేపు ముక్క అంటించింది.

తెల్లారి చూస్తే డబ్బాలోది బాగా పొంగింది. ఎంత పొంగిందో స్కేలుతో కొలవబోతే ఇబ్బంది బయటపడింది. టీ గ్లాసు అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. పిండి రెట్టింపైనా ఎత్తు రెట్టింపు కాదు. కాబట్టి ఎత్తును నమ్ముకుంటే పొంగు తక్కువగా లెక్కకొస్తుంది. ఆ రోజు లెక్కలను పక్కనపెట్టి, మర్నాటి నుంచి నిటారు గోడలున్న జామ్ సీసాలు వాడింది. పిండి తీసేశాక టేపు గుర్తు దాకా నీళ్లు పోసి, ఆ నీటిని కొలత కప్పులో పోసి సరిచూసుకుంది.

ఈ గ్లాసు సంగతి వినడానికి చిన్నదే. అయినా ఎస్ఓపీ మొత్తంలో నేను వెతికే వాక్యం అదే. కొలిచే పరికరమే తప్పు చూపిస్తోందని గుర్తుపట్టడం ప్రయోగశాలలో మొదట అలవడాల్సిన సంగతి. దాన్ని తనంతట తానే కనిపెట్టిన విద్యార్థి గురించి ఇంకో విశేషణం రాయనక్కర్లేదు.

ఇక అమ్మ మాట. డబ్బాలో పిండి పొంగినంత మాత్రాన పప్పు మీద అనుమానం పోదు. బందరు పప్పయితే గట్టు మీద కూడా పొంగేదేమో. అందుకని ఊరి నుంచి పిన్ని చేత పప్పు తెప్పించి రెండు రకాలూ విడివిడిగా రుబ్బింది. రెండింటినీ గట్టు మీద పెట్టింది, డబ్బాలోనూ పెట్టింది. మొత్తం నాలుగు సీసాలు. డబ్బాలో రెండు పప్పులూ దాదాపు సమానంగా పొంగాయి, గట్టు మీద రెండూ పొంగలేదు. పొంగకపోవడానికి చలే కారణమని ఇప్పుడు చెప్పొచ్చు. రెండు కారణాల మీద అనుమానం ఉన్నప్పుడు వాటిని విడదీసే ఏర్పాటు ఇదే, ఏ శాస్త్రంలోనైనా.

పాత పిండి కలిపిన సీసా మాత్రం ఆమెను వదల్లేదు. అది పెద్దగా పొంగలేదు గానీ పుల్లబడింది. పీహెచ్ కాగితం ముంచితే గట్టు మీది మామూలు పిండి కన్నా ఆమ్లం ఎక్కువని తేలింది. అంటే పులవడం, పొంగడం ఎప్పుడూ జంటగా నడవవన్నమాట. వాయువు లేకుండా ఆమ్లాన్ని మాత్రమే ఇచ్చే బ్యాక్టీరియా పాత పిండిలో ఎక్కువగా ఉందేమోనని ఆమె ఊహ. పాత పిండితోపాటు వచ్చిన పులుపే కొంత కారణమూ కావచ్చు. ఏది నిజమో వంటింట్లో తేలదు. ఫుడ్ సైన్స్ చదవాలన్న కోరికకు ఇంతకన్నా సహజమైన కారణం నాకు తోచదు. ప్రశ్న ఇంట్లో పుట్టింది, జవాబు వెతికే పరికరాలు విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

కాగితం మీదికి వచ్చేసరికి

ఇంత చేసిన అమ్మాయి కూడా మొదటి చిత్తుప్రతిలో ఏం రాస్తుందో తెలుసా? దాదాపు ఇలా ఉంటుంది:

‘మా అమ్మ చేతి వంట చూస్తూ పెరిగాను. ఇడ్లీ మా సంస్కృతిలో భాగం. వంట నాకు ఓపికను, విశ్లేషణా సామర్థ్యాన్ని, ఫుడ్ సైన్స్ పట్ల అపారమైన ఆసక్తిని ఇచ్చింది.’

జామ్ సీసా లేదు, థర్మోకోల్ డబ్బా లేదు, బందరు పప్పు లేదు. వంట గురించి రాసేవాళ్లను ఎక్కువగా దారి తప్పించేది ఈ ఇంటి మమకారమే. అమ్మనూ అమ్మమ్మనూ తలుచుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ వాక్యాల్లో కనిపించేది వాళ్ల నైపుణ్యం, దరఖాస్తుదారుది కాదు. అదే పేరాను తిరగరాస్తే ఇలా వస్తుంది. ఆమె ఇంగ్లిష్‌లో రాసేదాన్ని తెలుగులో చెబుతున్నాను:

‘ఇడ్లీ అంటే మినపపప్పు, బియ్యపు రవ్వ కలిపి రాత్రంతా పులియబెట్టి ఆవిరిపై ఉడికించే వంటకం. మా కుటుంబం చల్లని ఊరికి మారాక మా పిండి పొంగడం మానేసింది. కారణం స్థానిక పప్పు అని అమ్మ, చలి అని నేను అనుకున్నాం. రెండు ఊళ్ల పప్పులను వెచ్చగా ఒకసారి, చల్లగా ఒకసారి పక్కపక్కన పెట్టి చూశాను. వెచ్చని డబ్బాలో రెండూ దాదాపు సమానంగా పొంగాయి. నా తొలి కొలతలను పక్కన పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే పైకి వెడల్పయ్యే గ్లాసులో ఎత్తు పెరుగుదల పరిమాణాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. పాత పిండి కలిపిన నమూనా పొంగకుండానే పులిసింది. దాన్ని నేను వివరించలేకపోయాను. డబ్బాలో ఉష్ణోగ్రత రాత్రంతా ఒకేలా లేదు, ప్రయోగాన్ని కొద్దిసార్లే చేశాను. కాబట్టి ఇది ఊహే: పాత పిండిలోని బ్యాక్టీరియా కూర్పు వేరు. దాన్ని పరీక్షించడం నేర్చుకోవాలని ఈ కోర్సుకు దరఖాస్తు చేస్తున్నాను.’

ఇందులో ‘విశ్లేషణా సామర్థ్యం’ అన్న మాట ఎక్కడా రాదు. రావాల్సిన అవసరం కూడా లేదు, చదివినవాళ్లే ఆ మాట అనుకుంటారు. ఇడ్లీ గురించి పరాయి దేశపు పాఠకుడికి ఒక్క వాక్యం చాలింది. పరిమితులు ఒప్పుకున్న చివరి వాక్యాలను చాలామంది కొట్టేయమంటారు, బలహీనత బయటపడుతుందని. నా అభిప్రాయం పూర్తిగా వేరు. ప్రయోగం చేయని మనిషికి అందులో ఎక్కడ లోపం ఉండొచ్చో తెలియదు. లోపాన్ని కచ్చితంగా చెప్పగలగడమే చేశారనడానికి గట్టి ఆనవాలు.

ఈ పేరా ఇంకో చోట కూడా దెబ్బతింటుంది. మెరుగుపెడతామని తీసుకున్నవాళ్లు ‘థర్మోకోల్ డబ్బా’ను ‘నియంత్రిత ఉష్ణోగ్రతా వ్యవస్థ’గా, ‘పక్కపక్కన పెట్టి చూశాను’ను ‘సమగ్ర అధ్యయనం నిర్వహించాను’గా మార్చేస్తారు. మాట బరువెక్కుతుంది, నమ్మకం పోతుంది. నియంత్రిత వ్యవస్థ అన్నాక ప్రొఫెసర్ ఎంత కచ్చితత్వంతో నియంత్రించావని అడుగుతాడు. ఇంటర్వ్యూ ఉన్న కోర్సుల్లో ఆ ప్రశ్న నిజంగానే ఎదురుకావచ్చు. థర్మోకోల్ డబ్బాను థర్మోకోల్ డబ్బా అనే రాయండి.

ఎంత చోటివ్వాలన్నది వ్యాసాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో డిగ్రీకి వెళ్లే ఇంటర్ విద్యార్థి కామన్ యాప్ వ్యాసానికి 650 పదాలు ఉంటాయి. అందులో మొత్తం ఇడ్లీ పిండికే ఇచ్చినా అభ్యంతరం లేదు. ఎంఎస్ ఎస్ఓపీలో ఒక్క పేరా దాటకూడదు. అక్కడ ప్రధానంగా చూసేది చదివిన కోర్సులు, చేసిన ప్రాజెక్టు, ఆ శాఖలో ఏం చేయాలనుకుంటున్నారన్నది. తక్కువ మార్కులను ఇడ్లీ పిండి పూడ్చదు. సరిపోయే దరఖాస్తుల మధ్య తేడా చూపించగలదు, అంతవరకే.

ఆటలో ఏది సాక్ష్యం

గేమింగ్ పేరెత్తితే మన ఇళ్లలో ముందు కోపం వస్తుంది. పిల్లలు రాసే తీరు కూడా ఆ కోపాన్ని తగ్గించదు. ఎన్ని గంటలు ఆడారో, ఏ ర్యాంకుకు చేరారో రాస్తారు. ర్యాంకు ఫలితాన్ని చెబుతుంది గానీ ఆలోచనను చెప్పదు.

ఫ్యాక్టోరియో అనే ఆట ఉంది. ఒక గ్రహం మీద ఖనిజం తవ్వి, కరిగించి, బెల్టుల మీద నడిపిస్తూ కర్మాగారం కట్టాలి. అందులో మొదటి రకం బెల్టు సెకనుకు 15 వస్తువులను మోస్తుంది. రాతి కొలిమి ఒక ఇనుప పలకను 3.2 సెకన్లలో తయారుచేస్తుంది. బెల్టును నింపాలంటే 15ను 3.2తో గుణించాలి, అంటే 48 కొలుములు. ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కు దరఖాస్తు చేసే కుర్రాడు ఈ లెక్కను ఎస్ఓపీలో రాసి ఊరుకుంటే లాభం లేదు. ఆడేవాళ్లందరికీ తెలిసిన సంఖ్య అది.

రాయాల్సింది లెక్క కుదిరాక కూడా పలకలు చాలనప్పుడు ఏం చేశాడన్నది. ఇంకో పది కొలుములు కట్టాడు, ఉత్పత్తి పెరగలేదు. అప్పుడు కొలుములను చూడటం మానేసి బెల్టును చూశాడు. ఖనిజం కొలుముల దాకా చేరకముందే ఒక మలుపు దగ్గర సగం వేరే దారికి మళ్లుతోంది. ఆ మలుపు సరిచేశాక పలకలు నిండుగా వచ్చాయి, కానీ ఈసారి విద్యుత్తు చాలలేదు. ఒక చోట ఇరుకు తీస్తే అది ఇంకో చోటికి మారుతుందని, ఖాళీగా ఉన్న యంత్రం దగ్గర కాక దానికి ముందు చూడాలని అతనికి అక్కడ అర్థమైంది. నిజమైన ఫ్యాక్టరీలో ఇంజినీర్లు వెతికేదీ అదే. అయితే ఆటలో కూలీలు సెలవు పెట్టరు, యంత్రాలు వాటంతటవి పాడవవు, ఖనిజం నాణ్యత మారదు. ఆ తేడా కూడా ఒక వాక్యంలో రాసిన కుర్రాడు ఆటకూ వృత్తికీ మధ్య గీత ఎక్కడుందో తెలిసినవాడని ప్రొఫెసర్‌కు అర్థమవుతుంది.

మిద్దె తోట సంగతికి వస్తే అక్కడి చిక్కు వేరు. టమాటా ఆకులు ముడుచుకుపోయాయి, అందుకు కారణమైన వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. పసుపు జిగురు అట్టలు కట్టి, వారానికోసారి అంటుకున్న దోమలను లెక్కపెట్టి, వేపనూనె చల్లాక తగ్గాయని రాయొచ్చు. కానీ అదే వారంలో భారీ వాన పడి ఉంటే? తగ్గించింది వేపనూనా, వానా? తోటలో వాతావరణాన్ని పట్టుకుని ఆపలేం. అందుకే సగం కుండీలకు చల్లకుండా వదిలేయడం, అలా వదిలేశానని వ్యాసంలో చెప్పడం ముఖ్యం. వదల్లేదా, ఏది కారణమో తేల్చలేకపోయానని రాయండి. డేటా సైన్స్‌కు వెళ్లేవాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలా చేస్తుంది.

ఇప్పటికే చేసి, ఏదీ రాసిపెట్టుకోని వాళ్ల మాటేమిటి? పాత తేదీలు వేసి నోట్‌బుక్ తయారుచేయొద్దు. ఫోన్ గ్యాలరీ తెరవండి. పిండి ఫొటోకైనా మొక్క ఫొటోకైనా తేదీ, సమయం ఉంటాయి. ‘పిన్నీ, ఈసారి కూడా పొంగలేదు, ఏం చేయను?’ అని పంపిన వాట్సాప్ మెసేజ్ కూడా ఒక రికార్డే. ఫ్యాక్టోరియోలో సేవ్ చేసిన పాత ఫైళ్లను తెరిస్తే ఏ దశలో ఏం కట్టారో కనిపిస్తుంది. వాటిలో దొరికినంత వరకే రాయండి. కొలవని చోట అంకె వేయకుండా కంటికి కనిపించింది కనిపించినట్టు చెప్పండి.

అమెరికాలో ఎక్కువ విశ్వవిద్యాలయాల గడువులు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తాయి. బ్రిటన్‌లో ఎక్కువ కోర్సులకు ప్రధాన గడువు జనవరిలో ఉంటుంది. వచ్చే ఏడాది దరఖాస్తు చేసేవాళ్లు మీరు చేసే పని ఏదైనా ఈ వారం నుంచే తేదీ వేసి మూడు ముక్కలు రాసిపెట్టుకోండి: ఏం మార్చారు, ఏం జరిగింది, ఏది అర్థం కాలేదు. తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లల ఎస్ఓపీలో వంటిల్లో, ఆటో, కుండీయో కనిపిస్తే కొట్టేయకండి. గ్లాసు ఎందుకు మార్చావని అడగండి. పిల్లలు తడుముకోకుండా జవాబు చెబితే ఆ పేరాను అలాగే ఉండనివ్వండి.